పలక మందం: రెండు ఫొటోల లెక్క

మార్కాపురం పలక రాయి మందాన్ని రంపం తేల్చదు. గని నుంచి వచ్చిన దిమ్మెను పొడవు, వెడల్పుల కోసం చుట్టూ కోస్తారు. మందం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పనివాడు ఉలి అంచును రాతి పక్కన ఆనించి, సుత్తితో తట్టి, చీలుస్తాడు. రాయి తనకు అనువైన తలం వెంబడి విడిపోతుంది. ఆ తలం ఎక్కడుంటే మందం అక్కడికి తేలుతుంది.

ఇలా చీలే గుణం ఈ రాతికి చాలా పాతకాలంలో వచ్చింది. మార్కాపురానికీ గిద్దలూరుకూ మధ్య ఉన్న కంభం పేరే భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి వరుసకు పెట్టారు. నల్లమల అంచున వంద కోట్ల సంవత్సరాలకు ముందే, సముద్రం అడుగున పేరుకున్న సన్నని బురద గట్టిపడింది. ఆ తర్వాత భూమి లోపలి ఒత్తిడికి నలిగింది. ఒత్తిడి ఏ దిక్కు నుంచి వచ్చిందో దానికి అడ్డంగా అభ్రకం వంటి రేకు ఖనిజాలు వరుసగా పడుకున్నాయి. ఉలి వెతుక్కునేది ఆ వరుసలనే. బడిపిల్లల పలకకు ఈ గుణం చాలు. చెక్క చట్రంలో ఇమిడితే సరి, అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఓనమాలకు అడ్డు రాదు. నేల మీదా గోడల మీదా పరిచే టైల్స్‌గా ఇదే రాయి దూరదేశాలకు వెళ్లేటప్పుడు మాత్రం కొనేవాడు మందం ఎంతో రాసి మరీ అడుగుతాడు. పక్కపక్కన పరిచిన రెండు టైల్స్‌లో ఒకటి పైకి లేస్తే కాలికి తగులుతుంది.

అందుకని ఒక టైల్ అంచును వెర్నియర్ కాలిపర్ దవడల మధ్య పట్టి, ఫోన్‌తో ఫొటో తీసి పంపారనుకుందాం. అడిగిన మందం 10 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు వరకు హెచ్చుతగ్గులు ఒప్పుకున్నారు. అంటే 9.5 నుంచి 10.5 వరకు ఏదైనా పనికొస్తుంది. చేతిలో ఉన్నది ఆ ఒక్క ఫొటో. దాన్ని చూసి ఈ టైల్ పనికొస్తుందో రాదో చెప్పాలి.

కాలిపర్ మాత్రం ఇంటర్ మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో పిల్లల చేతికి వచ్చే మామూలు రకమే. కదలని పట్టీ మీద ప్రధాన స్కేలు ఉంటుంది. దాని అంకెలు సెంటీమీటర్లు, మధ్యనున్న చిన్న గీతలు మిల్లీమీటర్లు. దాని వెంట జారే చట్రం మీద పది విభాగాల వెర్నియర్ స్కేలు ఉంటుంది. ఈ పది విభాగాలు కలిసి ప్రధాన స్కేలు మీద 9 మిల్లీమీటర్లంత పొడవే. కాబట్టి ఒక్కో వెర్నియర్ విభాగం 0.9 మిల్లీమీటరు. ప్రధాన స్కేలు విభాగానికీ దీనికీ ఉన్న తేడా 0.1 మిల్లీమీటరు. ఇదే కనీసపు కొలత.

ఈ కొంచెం తేడా ఎంత పని చేస్తుందో చూడాలంటే దవడలు పూర్తిగా మూసి, రెండు సున్నాలూ ఎదురెదురుగా ఉన్న స్థితి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు వెర్నియర్ మొదటి గీత ప్రధాన స్కేలు మొదటి గీతకు 0.1 మిల్లీమీటరు వెనక ఉంటుంది. రెండో గీత 0.2, మూడోది 0.3 వెనక. ఇప్పుడు దవడను సరిగ్గా 0.1 మిల్లీమీటరు తెరిస్తే మొదటి గీత తన జోడీని అందుకుంటుంది. 0.2 తెరిస్తే రెండో గీత అందుకుంటుంది. 0.6 తెరిస్తే ఆరోది. మిల్లీమీటరులో పదో వంతును కంటితో అంచనా వేయడం కష్టం. రెండు గీతలు ఒకే నిలువులో ఉన్నాయా లేదా అన్నది మాత్రం కన్ను చాలా చురుగ్గా పట్టేస్తుంది. కంటికి చేతకాని పనిని చేతనైన పనిగా మార్చిన ఉపాయం ఇది. ఫ్రెంచివాడైన పియేర్ వెర్నియర్ దీన్ని 1631లో బ్రస్సెల్స్‌లో అచ్చయిన తన పుస్తకంలో వివరించాడు. అతడు కొలవాలనుకున్నది కోణాలను. తిన్నని పొడవులకు ఈ స్కేలు అలవాటు కావడానికి, దుకాణాల్లో దొరికే పనిముట్టు కావడానికి ఇంకా రెండు శతాబ్దాలు పట్టింది.

ఇక ఫొటో చూద్దాం. మొదట వెతకాల్సింది వెర్నియర్ సున్నా గీత. జారే చట్రం ఎడమ అంచు కాదు, దవడ అంచు కాదు, సున్నా అని రాసి ఉన్న గీత. చట్రం అంచు సాధారణంగా సున్నాకు కొన్ని మిల్లీమీటర్ల ఎడమగా ఉంటుంది. కొట్టొచ్చినట్టు కనిపించేది అదే కాబట్టి తొందరలో చాలామంది దాని దగ్గరే చదివేస్తారు. మన ఫొటోలో వెర్నియర్ సున్నా, ప్రధాన స్కేలు మీద 0కీ 1కీ మధ్య తొమ్మిదో చిన్న గీతను దాటింది. 1 అన్న అంకెను ఇంకా చేరలేదు. కాబట్టి ప్రధాన స్కేలు రీడింగు 9 మిల్లీమీటర్లు. ఆ 1 అంకె సెంటీమీటరన్నది మరిచిపోతే లెక్క పది రెట్లు తప్పుతుంది. సున్నా గీత 1కి చాలా దగ్గరగా ఉన్నా దాన్ని 10 అనకూడదు. దాటిన గీతే లెక్కకు వస్తుంది.

రెండోది, ఏకీభవించిన గీత. మన ఫొటోలో వెర్నియర్ ఆరో గీత ప్రధాన స్కేలు గీత ఒకదానితో ఒకే నిలువులో కలిసింది. ఆ కలిసిన ప్రధాన గీత 1కీ 2కీ సరిగ్గా మధ్యలో ఉన్న పొడుగు గీత, అంటే 15 మిల్లీమీటర్ల గీత. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. కలిసింది 15 దగ్గర కాబట్టి మందం 15 అని రాస్తారు, లేదా 15.6 అని రాస్తారు. కలిసిన చోట మనకు కావలసింది వెర్నియర్ మీది సంఖ్య ఒక్కటే. ఎన్నో గీత అన్నదాన్ని కనీసపు కొలతతో గుణిస్తే 6 × 0.1 = 0.6. రెండూ కలిపితే 9 + 0.6 = 9.6 మిల్లీమీటర్లు.

అలాగని 15 పనికిరాని సంఖ్య కాదు, అది మన లెక్కకు సాక్షి. వెర్నియర్ సున్నా నుంచి ఆరో గీత దాకా ఉన్న దూరం 6 × 0.9 = 5.4 మిల్లీమీటర్లు. 15లోంచి 5.4 తీసేస్తే సున్నా గీత ఉన్న చోటు తెలుస్తుంది: 9.6. రెండు దారుల్లోనూ ఒకే జవాబు రావాలి. రాకపోతే ఎన్నో గీత అన్నది తప్పు లెక్కపెట్టామనో, ప్రధాన స్కేలు గీతను తప్పు చదివామనో అర్థం. ఫొటో చదివేవాడికి ఈ సరిచూపు ఎంతో అక్కరకొస్తుంది. చేతిలో పనిముట్టు ఉంటే దవడను మళ్లీ జరిపి చూసుకోవచ్చు, ఫొటోలో ఆ వీలు లేదు కదా.

ఐదో గీతా ఆరో గీతా రెండూ కలిసినట్టే కనిపిస్తే ఏది తీసుకోవాలి? ఆ గీతల మీదే కళ్లు నిలపకుండా వాటి ఇరుగుపొరుగును చూడాలి. నిజంగా కలిసిన గీతకు ఎడమ పక్కనున్న వెర్నియర్ గీత తన జోడీకి 0.1 మిల్లీమీటరు కుడిగా ఉంటుంది. కుడి పక్కది అంతే మేర ఎడమగా ఉంటుంది. అంటే రెండు వైపుల గీతలూ నడిమి గీత వైపే జరిగి ఉంటాయి. ఆ జరుగుడు రెండు పక్కలా సమానంగా ఉంటే నడిమిదే మన గీత. ఫొటోను పెద్దది చేసుకుని ఆ సమానత్వాన్ని చూడడం, ఒక్క జత కలిసిందా లేదా అని తేల్చుకోవడం కన్నా నమ్మకమైన పని.

అయితే ఫొటోకు ఒక చిక్కుంది. కెమెరా ఎక్కడ నిలబడి చూసిందన్నది అందులో కలిసిపోయి ఉంటుంది. చాలా కాలిపర్లలో వెర్నియర్ గీతలున్న అంచు ప్రధాన స్కేలు తలం కన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తు 0.3 మిల్లీమీటరు అనుకుందాం. ఫోన్‌ను గీతల నిలువు నుంచి పక్కకు 10 డిగ్రీలు వాల్చి తీస్తే, వెర్నియర్ గీతలు ప్రధాన స్కేలు మీద దాదాపు 0.05 మిల్లీమీటరు జరిగినట్టు కనిపిస్తాయి. ఫోన్ కుడి పక్కన ఉంటే వెర్నియర్ ఎడమకు జరిగి రీడింగు తగ్గుతుంది, ఎడమ పక్కన ఉంటే పెరుగుతుంది. మన పది గీతల కాలిపర్‌కు ఇది కనీసపు కొలతలో సగం, అంటే ఐదో గీతా ఆరో గీతా అన్న సందేహం పుట్టడానికి చాలు. 0.02 మిల్లీమీటరు కనీసపు కొలత ఉన్న వర్క్‌షాప్ కాలిపర్‌కైతే కనీసపు కొలతకు రెండింతలకు పైనే తప్పు.

దీనికి విరుగుడు తీసేవాడి చేతిలోనే ఉంది. ఫోన్‌ను స్కేలుకు ఆనించినంత దగ్గరగా పెడితే మధ్యలో ఉన్న గీత నిటారుగా కనిపించినా, ఫొటో అంచున ఉన్న గీత ఏటవాలుగానే కనిపిస్తుంది. కాబట్టి ఒక జానెడు దూరం జరిగి, జూమ్ చేసి, కలిసిన గీతను ఫొటో నడిమధ్యకు తెచ్చి తీయాలి. ఫొటో అందుకున్నవాడు చూడగలిగిన గుర్తు కూడా ఒకటుంది. ప్రధాన స్కేలు మీద ఎడమ చివర ఒక సెంటీమీటరు, కుడి చివర ఒక సెంటీమీటరు తెర మీద ఎంతెంత వెడల్పున్నాయో చూడాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే ఫోన్ వాలి ఉందన్నమాట. అలాంటి ఫొటో మీద 9.6 అని గట్టిగా చెప్పలేం, ఇంకొకటి తీయమనాలి.

ఫొటో నిటారుగానే ఉందనుకుందాం. రీడింగు 9.6, కావలసింది 9.5 పైన. టైల్ పనికొస్తుందని చెప్పేయవచ్చా? చెప్పకూడదు. దవడలు ఖాళీగా మూసినప్పుడు ఈ కాలిపర్ ఏం చూపిస్తుందో మనకింకా తెలియదు. అది తెలిసేది రెండో ఫొటోతోనే. టైల్ తీసేసి, దవడలు మూసి, అదే ఫోన్‌తో అదే దూరం నుంచి తీసిన ఫొటో. అది లేకుండా మొదటి ఫొటోలోని సంఖ్య సగం సమాచారమే.

దవడలు మూసినప్పుడు రెండు సున్నాలూ కలిస్తే శూన్యాంశ దోషం లేదు. పలక రాయి దగ్గర పనిచేసే కాలిపర్‌కు ఆ స్థితి ఎక్కువ కాలం నిలవదు. దానికి రెండు కారణాలున్నాయి, రెండూ ఆ రాతి నుంచే వస్తాయి. ఒకటి దుమ్ము. కోత దగ్గర లేచే మెత్తని రాతి పొడి దవడల లోపలి ముఖాలకు అంటుకుంటుంది. అప్పుడు దవడలు పూర్తిగా మూసుకోవు, వెర్నియర్ సున్నా ప్రధాన సున్నాకు కుడి పక్కనే ఆగిపోతుంది. ఇది ధన దోషం. రెండోది అరుగుదల. పలక రాతిలో ఉక్కును గీరగల క్వార్ట్జ్ రేణువులుంటాయి. రోజూ రాతి అంచును పట్టి జరపగా జరపగా దవడ ముఖాలు అరుగుతాయి. అరిగిన దవడలు మూసినప్పుడు జారే చట్రం ఉండాల్సిన చోటును దాటి ఎడమకు పోతుంది, వెర్నియర్ సున్నా ప్రధాన సున్నాకు ఎడమ పక్కకు చేరుతుంది. ఇది రుణ దోషం. దుమ్మైతే గుడ్డతో తుడిస్తే పోతుంది, కాబట్టి తుడిచి మళ్లీ మూసి చూడడం మొదటి పని. అరుగుదల తుడిస్తే పోదు, దాన్ని లెక్కలోనే సరిదిద్దాలి.

ధన దోషం చదవడంలో ఇబ్బంది లేదు. సున్నా కుడి పక్కకు జరిగి, వెర్నియర్ రెండో గీత కలిసిందనుకుంటే ప్రధాన స్కేలు మీద దాటిన గీత 0, వెర్నియర్ 0.2, దోషం +0.2 మిల్లీమీటరు. చిక్కంతా రుణ దోషంతోనే. వెర్నియర్ సున్నా ఎడమ పక్కకు పోయింది, ఏడో గీత కలిసింది. దోషం ఎంత? తొందరగా వచ్చే జవాబు −0.7, అది తప్పు. పది లోంచి ఏడు తీసేయాలి, కాబట్టి −0.3 అని పాఠాల్లో ఒక సూత్రం నేర్పుతారు. సూత్రం నిజమే, కానీ ఎందుకన్నది తెలియకుండా బట్టీ పట్టినవాడు పరీక్ష గడవగానే మరిచిపోతాడు.

నిజానికి ఇక్కడ కొత్త సూత్రమేమీ అక్కర్లేదు. టైల్ మందం చదివిన పద్ధతే మళ్లీ వాడదాం: వెర్నియర్ సున్నాకు ఎడమ పక్కన ఆనుకుని ఉన్న ప్రధాన గీత ఏది? సున్నా దాటి ఎడమకు పోయాక అక్కడ గీత చెక్కి లేకపోవచ్చు, కానీ స్కేలును మనసులో ఎడమకు పొడిగిస్తే ఆ గీత −1 మిల్లీమీటరు. దానికి వెర్నియర్ రీడింగు 0.7 కలుపుదాం: −1 + 0.7 = −0.3. వెర్నియర్ ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే కొలుస్తుంది. సున్నాకు ఎడమ పక్కన ఉన్నప్పుడు కూడా −1 గీత నుంచి కుడికి 0.7 దూరం వచ్చామని చెబుతుంది. అంటే సున్నాకు ఇంకా 0.3 తక్కువ. సాక్షి లెక్క కూడా చూడవచ్చు. వెర్నియర్ ఏడో గీత కలిసింది ప్రధాన స్కేలు 6 మిల్లీమీటర్ల గీతతో అయి ఉండాలి, ఎందుకంటే 6 − 7 × 0.9 = 6 − 6.3 = −0.3. రెండో ఫొటోలో ఏడో గీత ఎదురుగా నిజంగానే ఆరో మిల్లీమీటరు గీత ఉంటే మన చదువు సరైనదే.

సరిదిద్దడం ఒక్క తీసివేత. చూసిన రీడింగులోంచి దోషాన్ని దాని గుర్తుతో సహా తీసేయాలి. కాలిపర్‌కు +0.2 దోషం ఉంటే నిజమైన మందం 9.6 − 0.2 = 9.4 మిల్లీమీటర్లు. మొదటి ఫొటో చూసి పనికొస్తుందనుకున్న టైల్ ఇప్పుడు పనికిరాదు. దోషం −0.3 అయితే 9.6 − (−0.3) = 9.9. టైల్ హాయిగా సరిపోయింది. గుర్తు మరిచిపోయి 0.3 తీసేసినవాడికి 9.3 వస్తుంది, మంచి టైల్ తిరుగుబండి ఎక్కుతుంది. −0.7 అని చదివినవాడికి 10.3 వస్తుంది. అతడు కూడా పనికొస్తుందనే అంటాడు, కానీ అతడి తప్పు ఈ టైల్ దగ్గర దాక్కుని ఇంకో టైల్ దగ్గర బయటపడుతుంది. నిజంగా 9.2 ఉన్న టైల్‌ను ఇదే కాలిపర్ 8.9 అని చూపిస్తుంది, అతడు దాన్ని 9.6 చేసి పంపించేస్తాడు.

వర్క్‌షాప్ కాలిపర్‌లో 50 విభాగాలు ఉంటాయి, అవి 49 మిల్లీమీటర్లలో ఇమిడి ఉంటాయి. చదివే తీరు ఇదే. దాని వెర్నియర్ మీది 1, 2, 3 అంకెలు మిల్లీమీటరులో పదో వంతులు. అంకెకూ అంకెకూ మధ్య ఐదు గదులు, ఒక్కో గది 0.02. మూసిన దవడల ఫొటోలో సున్నా ఎడమకు పోయి, 8 తర్వాత మూడో చిన్న గీత కలిస్తే వెర్నియర్ 0.86, దోషం −1 + 0.86 = −0.14.

శూన్యాంశ దోషపు సవరణకు కూడా ఒక హద్దుంది. దవడ ముఖమంతా సమంగా అరిగితేనే ఆ సవరణ చెల్లుతుంది. ఎప్పుడూ ఒకే చోట టైల్‌ను పట్టే అలవాటుంటే దవడ అక్కడే గుంటపడుతుంది, మిగతా ముఖం పాత ఎత్తులోనే ఉంటుంది. మూసినప్పుడు ఆ ఎత్తు భాగాలు ఒకదానికొకటి తగిలి సున్నాలు చక్కగా కలుస్తాయి, రెండో ఫొటో దోషం లేదని చెబుతుంది. టైల్ మాత్రం గుంటలో కూర్చుని తన మందాన్ని తక్కువగా చూపిస్తుంది. ఈ తప్పును ఏ రీడింగూ పట్టివ్వదు. మూసిన దవడలను కిటికీ వెలుతురుకు అడ్డంగా ఎత్తి చూడాలి. మధ్యలో సన్నని వెలుగు చీలిక కనిపిస్తే ఆ చోట పట్టకూడదు, లేదా ఆ కాలిపర్‌ను పక్కన పెట్టేయాలి.

ఇక రాయి వైపు నుంచి చూద్దాం. చీల్చిన పలక ముఖం అద్దంలా ఉండదు, సన్నని మెట్లూ గట్లూ ఉంటాయి. దవడలు పట్టేది ఎత్తైన గట్లనే. పైగా దవడల పొడవు నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. 30 సెంటీమీటర్ల టైల్ నడిమి భాగాన్ని ఈ పనిముట్టు తాకలేదు. నాలుగు మూలలా, నాలుగు అంచుల మధ్యా కొలిచి, ఎనిమిది రీడింగులనూ ఒకే దోషంతో సరిదిద్ది రాసుకోవడం దీనితో చేయగలిగిన పని. నడిమి సంగతి తెలియాలంటే తూకం పనికొస్తుంది. ఈ రకం రాయి ఒక ఘన సెంటీమీటరు దాదాపు 2.75 గ్రాములు తూగుతుందనుకుందాం. 30 × 30 సెంటీమీటర్ల టైల్ 2.4 కిలోలు తూగితే దాని ఘనపరిమాణం దాదాపు 873 ఘన సెంటీమీటర్లు. దాన్ని 900 చదరపు సెంటీమీటర్లతో భాగిస్తే సగటు మందం 9.7 మిల్లీమీటర్లు వస్తుంది. అంచుల దగ్గర సరిదిద్దిన కాలిపర్ 9.9 చెప్పింది. రెండింటి మధ్య 0.2 తేడా వస్తే అందులో తప్పేమీ లేదు. కాలిపర్ గట్ల మీద కొలిచింది, తూకం గట్లనూ పల్లాలనూ కలిపి లెక్కేసింది. పక్క టైల్ కన్నా పైకి లేస్తుందా అన్నదే ప్రశ్న అయితే గట్ల కొలతే కావాలి. లారీలో ఎన్ని ఎక్కించవచ్చన్నది ప్రశ్న అయితే తూకం చాలు.